క్వారీ కాలనీకి అందినట్టు రాసిన నీళ్ళు

శ్రీయుత జిల్లా పెద్ద ఆఫీసరు గారి సముఖమునకు, నరసరావుపేట.
మాచవరం మండలం, గుండ్లమెట్ట గ్రామ సర్పంచ్ బత్తుల రత్తమ్మ దణ్ణం పెట్టి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి క్వారీ కాలనీకి మంచినీళ్ళ పైపు వేయించుట గురించియు, నేను ఇచ్చిన అర్జీని నాచేతనే మూయించిన వైనము గురించియు.

1. నేను అయిదో తరగతి దాకా చదివితిని. సీటు ఆడవాళ్ళకు వచ్చినందున మావాళ్ళు నన్ను నిలబెట్టగా ఊరు గెలిపించినది. గెలిచిన నాటి నుండి మా సెక్రటరీ త్రికోటేశ్వరరావు గారు చెప్పినదే నాకు తెలిసిన పంచాయతీ. జీవోలు ఆయన ఫోనుకే వచ్చును. తీర్మానము ఆయనే రాసి ఆయనే చదువును. నేను సంతకము చేయుదును.

2. కాలనీ వారు రాళ్ళు కొట్టి బతుకువారు. ఎండాకాలము క్వారీ గుంట అడుగుకు దిగి నీళ్ళు తెచ్చుకొందురు. పైపు వేయించమని వారు అడుగగా నేను సెక్రటరీ గారిని అడిగితిని. "అది క్వారీ లీజు భూమి సర్పంచ్ గారూ, రూల్ ఒప్పుకోదు" అని ఫోనులో ఇంగ్లీషు కాగితము చూపించినారు. నాకు ఒక్క ముక్క తెలియలేదు. తెలిసినట్టు తల ఊపితిని. ఆ తల ఊపుటయే నేను చేసిన తప్పు. నేనే కాలనీకి నడిచిపోయి, రూల్ లేదని నా నోటితో చెప్పి వచ్చితిని.

3. తరువాత కాలనీలోని ఆదెయ్య కూతురు గోపిక బిందెతో గుంటలో జారి కాలు విరగ్గొట్టుకొన్నది. ఆదెయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వేం చేస్తావులే రత్తమ్మత్తా, రూల్ లేదాయె" అన్నాడు. తిట్టినా బాగుండును.

4. మాచర్లలో మీటింగుకు పోయినప్పుడు పక్క మండలంలోని ఒక ఊరి సర్పంచ్ ధనమ్మకు ఈ సంగతి చెప్పగా నవ్వినది. "ఏందక్కా, మా క్వారీ గుడిసెలకు పోయినేడే పైపు ఏయించాంగా! ఆ రూలేందో తెలుగులో చదివి చెప్పమను" అన్నది. వచ్చి సెక్రటరీ గారిని అడిగితిని. "వాళ్ళది వేరే కేసు. మీకు టెక్నికల్ విషయాలు అర్థం కావు" అన్నారు. నిజమే, కావు.

అయ్యా, ఆయన అబద్ధమాడినట్టు నేను రాయుట లేదు. నిజముగా రూల్ ఉన్నదేమో. ఆయనకు రెండు ఊళ్ళ పని. పన్నులు వసూలు కాకపోయినా, యాప్‌లో ఫోటోలు ఎక్కకపోయినా పైవారు ఆయనను నిలదీయుదురు. కాలనీకి నీళ్ళు రాలేదని ఒక్కరూ అడగరు. పైపు వేస్తే మోటారు గొడవ, కరెంటు బిల్లు గొడవ ఆయనకే. జీతము నేను ఇవ్వను, బదిలీ నేను చేయలేను. ఆయన మాట నిజమో కాదో చూడటానికి ఆయన కళ్ళు తప్ప నాకు వేరే కళ్ళు లేవు.

5. అందువలన ఒక సోమవారము, తమరు అర్జీలు తీసుకొను రోజున, నరసరావుపేట వచ్చి అర్జీ ఇచ్చితిని. అది మండలానికి పోయి, అక్కడి నుండి విచారణ కొరకు మా సెక్రటరీ గారికే వచ్చినది! ఆయన కోపపడలేదు. ఇంటికి వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, "కాలనీకి ట్యాంకరు పెట్టిస్తున్నా, ఇక్కడ సంతకం చేయండి" అన్నారు. సంతోషముతో చేసితిని. ట్యాంకరు ఒక్కసారి వచ్చినది, ఫోటో తీసుకొని పోయినది.

తరువాత నా ఫోనుకు మెసేజీ వస్తే, అక్షరాలు చిన్నవై కనపడక, మా బజారుకు వచ్చిన కాలనీ హఫ్సాను ఆపి చదవమంటిని. "మీ అర్జీ పరిష్కరించబడినది. అర్జీదారు సంతృప్తి వ్యక్తం చేసినారు" అని చదివి, ఫోను నా చేతిలో పెట్టినది. "నీకు తృప్తయిందంటగా పెద్దమ్మా. మాకు రెండు బిందెలు పంపు" అన్నది. చుట్టూ జనం. నేను తల ఎత్తలేదయ్యా, ఇప్పటికీ ఎత్తలేదు. ఆ దారిన పోవాలంటే కొంగు కప్పుకొని పోతున్నాను.

కావున తమరు దయతో ఈ అర్జీని సెక్రటరీ గారికి పంపవద్దు. వేరే మండలము ఇంజనీరును ఒకరిని పంపి, రూల్ ఉన్నదో లేదో కాలనీలో అందరి ముందు తెలుగులో చెప్పించవలెను. లేనట్లయితే వానలకు గుంట పాచి పట్టకముందే పైపు పని మొదలుపెట్టించవలెను. ఉన్నట్లయితే నేను చెప్పినది అబద్ధము కాదని వారికి తెలియును. అదైనా చాలును. సెక్రటరీ గారిని మాత్రము ఏమీ అనవద్దు. ఆయన అలిగితే పింఛను కాగితాలు కూడా కదలవు, ఇంకొకరు వచ్చినా నాకు తెలిసేది ఇంతే.

తమరి పనుల నడుమ ఈ ముసలిదాని మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బత్తుల రత్తమ్మ,
సర్పంచ్, గుండ్లమెట్ట.

మరొక మనవి: ఇంజనీరు గారు వచ్చే రోజు ముందుగా మా ఊరి సచివాలయానికి ఫోను చేయవద్దు. చేస్తే ఆ రోజుకు ట్యాంకరు వచ్చి నిలబడును. నాకు కూడా చెప్పవద్దయ్యా. సెక్రటరీ గారు "ఎవరైనా వస్తున్నారా సర్పంచ్ గారూ?" అని అడిగితే నేను దాచలేను, భయానికి చెప్పేస్తాను.