కాళ్ల మీద పోసిన నీళ్లు

ఛత్రినాక, హైదరాబాద్,
జూలై 23, బుధవారం.

మా 'ఛత్రినాక ముచ్చట్లు' ఛానల్ చూసే అక్కలకు, అన్నలకు, పెద్దలకు మహేందర్ నమస్కారాలు. బోనాలు అయిపోయి మీరంతా ఇళ్లల్లో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈసారి వీడియో కాదు, ఉత్తరమే పెడుతున్నాను. కెమెరా ముందు నిలబడితే నా నోరు ఆగదు. ఈ తిప్పలన్నీ ఆ నోటితో వచ్చినవే.

ఆషాఢం మొదట్లో బోనాల మీద ఒక వీడియో పెట్టాను. బోనం ఎత్తుకొచ్చే ఆడవాళ్ల కాళ్ల మీద నీళ్లు ఎందుకు పోస్తారంటే, దారిలో అంటిన దుమ్మూ మైలా పోవడానికని చెప్పాను. పెద్దలు చెప్పిన మాట అని కూడా అన్నాను. అది తప్పు.

బోనం తలకెత్తుకున్న మనిషితో అమ్మవారే నడిచి వస్తుందని మన నమ్మకం. అమ్మ ఉగ్రం చల్లారాలని పసుపు, వేపాకు కలిపిన నీళ్లు ఆ పాదాల మీద పోసి మొక్కుతాం. ఎవరు ఎత్తుకొచ్చినా అవే నీళ్లు, అదే మొక్కు. గుడిలో అమ్మవారి ముందు ధారగా పోసే సాక వేరు. వీడియోలో ఈ నీళ్లనే సాక అని కూడా చెప్పి, నేను రెండింటినీ కలిపి కిచిడీ చేశాను.

మా గల్లీలో కళావతి ఉంది. రోడ్లు ఊడ్చే ఉద్యోగం. అత్త పోయినప్పటి నుంచి ఆ ఇంటి బోనం ఆమెదే. మొన్న ఆదివారం కూడా కొత్త కుండలో పాలు, బెల్లం వేసి అన్నం వండింది. కుండకు పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపరెమ్మలు కట్టి, మూత మీద దీపంతో బయలుదేరింది. ఒక వాకిట్లో నీళ్లు పోస్తున్న పెద్దావిడ, నా వీడియో గుర్తుచేసి, రోజూ రోడ్ల మీద తిరిగే కాళ్లు కాబట్టి ఇంకో చెంబు పోస్తానంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

బోనం గుడిదాకా దించకూడదు. కళావతి తల కదపకుండానే అడిగింది: "అమ్మకు పోస్తున్నవా పెద్దమ్మా, నా పనికి పోస్తున్నవా?"

ఆమె గుడికి వెళ్లి బోనం సమర్పించి వచ్చి, వచ్చే ఏడాది నుంచి ఎత్తనని ఇంట్లో చెప్పేసింది.

క్షమించమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. చాయ్ ఇచ్చింది గానీ క్షమాపణ తీసుకోలేదు. "అందరికీ చెప్పినవు కదా తమ్మీ, అందరికీ చెప్పు" అంది. అందుకే ఈ ఉత్తరం. పాత వీడియో తీసేశాను. కళావతక్కా, తప్పు నాదే. నీ బోనం ఆగితే ఆ పాపం నాదే.

ఇట్లు,
మీ మహేందర్

తా.క. వీడియో కోసం నేను ఏ పెద్దనూ అడగలేదు, ఇంట్లో పెద్దను కూడా. వాకిట్లో ఆ మాట అన్నది మా అమ్మ లలితమ్మ. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అదే గడపలో అమ్మవారికని మొక్కుతూ నీళ్లు పోసిన మనిషి. తెలిసి తెలిసీ ఎందుకన్నావని నిన్న అడిగాను. "నాకు తెల్సు బిడ్డా. గని నువ్వు చదివి చెప్పినవు కదా, నాదే తప్పేమో అనుకున్న" అంది.