నాలుగో ఎపిసోడ్ దాకా

జనవరి 21, మంగళవారం

ఇవాళ స్టాఫ్‌రూమ్‌లో మళ్లీ నా దగ్గరికే పంచాయితీ. సత్యశ్రీ టీచర్ ఏదో క్రైమ్ సీరీస్ ఐదు ఎపిసోడ్లు చూసిందట. ఒక్కటీ బాగోలేదట, అయినా వదల్లేకపోతోందట. ఇప్పటికే ఐదు గంటలు పెట్టానండీ, ఇప్పుడు మానేస్తే అవన్నీ వేస్టే కదండీ అంటుంది. పోయిన ఐదు ఎలాగూ పోయాయి, ఇంకో ఐదు ఎందుకు పోగొట్టుకుంటారు అన్నాను. అందరూ నవ్వారు.

నా లెక్క నాకుంది. గంట ఎపిసోడ్ అయితే రెండు చూసి తేలుస్తాను. అరగంటదైతే మూడు. కామెడీ అయితే ఇంకొకటి ఎక్కువ, ఎందుకంటే ఆ మనుషులు అలవాటైతే గానీ నవ్వు రాదు. మొదటి ఎపిసోడ్‌ని బట్టి తీర్పు చెప్పకూడదు, అందులో సగం పరిచయాలే. గడువు అయ్యేసరికి ఎవరికి ఏం కావాలో తెలియలేదంటే ఇక తెలియదు. చూస్తూ చూస్తూ మూడుసార్లు ఫోన్ తీశానంటే తప్పు నాది కాదు, సీరీస్‌ది. ఐదో ఎపిసోడ్ నుంచి అదిరిపోతుంది అని చెప్పేవాళ్లని నమ్మను. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు.

మా ఆయన రమేష్ బాబు ఏది పెట్టినా ఆఖరిదాకా చూస్తారు. సగం నిద్రలో.

జనవరి 25, శనివారం

తమ్ముడు జాషువా లింక్ పంపాడు. వాడి సీరీస్ అయిపోయింది! ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కోటి ఇరవై రెండు నిమిషాలు. వాడికి నిడదవోలులో మొబైల్ షాపు, ఆదివారాలు షూటింగ్. రెండేళ్లు పట్టింది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ లింక్ అక్కా, వెతికితే ఎవరికీ దొరకదు, నీకొక్కదానికే పంపాను, నీకు నచ్చితే చాలు అన్నాడు.

కథ నాన్నదే. నాన్న ఇరిగేషన్‌లో లస్కరు, ధవళేశ్వరం కింద కాలువ లాకుల దగ్గర గేట్లు ఎత్తడం, దించడం ఉద్యోగం. పోయి మూడేళ్లయింది. నాన్న వేషం మా చర్చి చిట్టియ్య గారు వేశారు. అదే తెల్ల గడ్డం, అదే ఖాకీ చొక్కా.

జనవరి 26, ఆదివారం

మొదటిది చూశాను. డ్రోన్, డ్రోన్, డ్రోన్. బ్యారేజీ పైనుంచి, పక్కనుంచి, మంచులోంచి. మొదటి మాట పదకొండో నిమిషంలో. అది కూడా టీ కావాలా అని.

రెండోది ఒకటిన్నర స్పీడులో పెట్టాను. చిట్టియ్య గారు సైకిల్ తొక్కుతూనే ఉన్నారు. ఫోన్ ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు.

నా రూల్ ప్రకారం ఇరవై రెండు నిమిషాలదానికి మూడు ఇవ్వాలి. ఇవ్వలేదు. బట్టలు ఇస్త్రీ చేయాలి. మిగతావి వచ్చే వారం.

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చాడు జాషువా. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లో ఒక ఓటీటీ కంపెనీ వాళ్లు చూస్తామన్నారట. రెండు ఎపిసోడ్లే పంపమన్నారట. ఒకసారి కాదన్న ప్రాజెక్టు మళ్లీ ముట్టుకోరట.

ఏ రెండు పంపమంటావక్కా అన్నాడు. నాలుగు, ఐదు పంపుదామా అని ఉందట. అసలు కథే నాలుగు నుంచి మొదలెట్టి, ముందువన్నీ తీసేద్దామా అని కూడా ఉందట. నువ్వు చూసినన్ని ఎవరూ చూడరు, నువ్వు ఎలా అంటే అలా అన్నాడు.

చూడలేదురా అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. వాడి మొహం చూశాక నోరు రాలేదు. అన్నీ చూశాను, చాలా బాగుంది అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? కథ వరస పాడుచేయకు, మొదటి రెండే పంపు, ఓపిక ఉన్నవాళ్లే చూస్తారులే అన్నాను. నేను! రెండింటికే వదిలేసినదాన్ని!

ఆరోది చూసి నవ్వావా అన్నాడు. నవ్వాను అన్నాను. వాడు పులిహోర రెండుసార్లు వేయించుకున్నాడు.

ఫిబ్రవరి 9

చూడలేదు. పేపర్లు దిద్దాలి.

ఫిబ్రవరి 20, గురువారం

మెయిల్ వచ్చిందట. జాషువా స్క్రీన్‌షాట్ పంపాడు. మొదటి ఎపిసోడ్ ఆసక్తి నిలబెట్టలేకపోయింది, రెండోది మధ్యలో ఆపేశాం, ఇంతటితో ముగిస్తున్నాం, శుభాకాంక్షలు. నాలుగు లైన్లు.

నేను ఆపేసిన చోటే వాళ్లూ ఆపేశారు. తప్పు వాళ్లది అనడానికి కూడా నాకు వీల్లేదు.

ఫోన్ చేస్తే, పర్లేదక్కా, అందరికీ నీ అంత ఓపిక ఉండొద్దూ అన్నాడు. బాత్రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను.

ఫిబ్రవరి 22, శనివారం, సాయంత్రం 4

మూడోది పెట్టాను. ఇదీ నడవదు. నా లెక్క తప్పు కాదనిపించి, ఛీ, కాస్త సంతోషించాను కూడా.

సాయంత్రం 6.30

నాలుగోది.

ముందు మాటల్లేవు, డ్రోన్ లేదు. వేసవిలో కాలువకి నీళ్లు కట్టేశారు. గట్టు మీద వరసగా వస్తువులు ఉన్నాయి. ఒంటి చెప్పులు, స్టీలు క్యారేజీ, మూత లేని కూజా, బొమ్మ చెయ్యి. చిట్టియ్య గారు ఎండిన కాలువలోంచి ఒక్కోటీ ఏరి, కడిగి, గట్టున పెడుతున్నారు. దారిన పోయేవాళ్లని ఆపి, ఇది మీదేనేమో చూడండమ్మా అని అడుగుతున్నారు. నాన్న ఏటా చేసేది అదే. నేను మర్చేపోయాను.

అప్పుడు ఒక పిల్ల వస్తుంది, జడ వేసుకుని. గట్టు మీద తుప్పు పట్టిన కంపాస్ బాక్స్ చూసి ఆగిపోతుంది. లెక్కల్లో తప్పిన రోజు దాన్ని కాలువలోకి విసిరి, పోయిందని అబద్ధం చెప్పింది. నాన్న ఆ పిల్లని ఏమీ అడగడు. నీదేనా అని కూడా అడగడు. బాక్స్ తుడిచి, కొంచెం ఆ పిల్ల వైపు జరుపుతాడు, అంతే.

ఆ పిల్ల నేనే. అప్పుడు జాషువాకి ఆరేళ్లు. వాడు చూశాడన్నమాట.

ఇరవై రెండు నిమిషాల్లో ఫోన్ ముట్టుకోలేదు. ఇది మొదట పెట్టి ఉంటే రాతిగుండెవాడు కూడా ఆపేవాడు కాదు. వాడు అదే అడిగాడు కదా, నాలుగు నుంచి మొదలెడదామా అని. వద్దన్నది నేను.

ఐదు, ఆరు, ఏడు ఆపకుండా చూశాను. ఆరులో నవ్వాను. ఆఖరిది మాత్రం రేపు చర్చి అయ్యాక, నెమ్మదిగా, ఒక్కదాన్నే చూడాలి.

ఫిబ్రవరి 23

ఆడపడుచు సంపూర్ణమ్మ గారు, పిల్లలు వచ్చారు. కుదరలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఇంటర్వెల్‌లో జాషువా ఫోన్. యూట్యూబ్ స్టూడియో తెరిచాడట, ఏ రోజు ఏ ఎపిసోడ్ ఎన్నిసార్లు చూశారో అందులో ఉంటుందట. ఇన్నాళ్లూ తెరవలేదట, కంపెనీకి ఫైళ్లు వేరే పంపాను, ఈ లింక్‌లో చూసేది అక్క ఒక్కతే కదా, ఇంకేం చూడాలి అనుకున్నాడట. జనవరి ఇరవై ఆరున ఒకటో ఎపిసోడ్, రెండో ఎపిసోడ్. ఆ తర్వాత అన్నీ సున్నా. మొన్న శనివారం ఒక్కరోజే మూడో దాన్నుంచి ఏడో దాకా.

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఏది బాగుందక్కా అని మాత్రం అడిగాడు. నాలుగోది అన్నాను. నేనూ అదే అనుకున్నా అన్నాడు. బెల్ కొట్టారు.

క్షమించమని అడగనేలేదు నేను. బెల్ కొట్టారని క్లాసుకి వెళ్లిపోయాను.

ఫిబ్రవరి 27, గురువారం

స్కూలు నుంచి వచ్చి ఎనిమిదోది పెట్టబోయాను. ఈ వీడియో అందుబాటులో లేదు. ఏడోదీ లేదు. నాలుగోదీ లేదు.

కెమెరా పట్టిన రాజేంద్రకి ఫోన్ చేశాను. జాషువా అన్నీ డిలీట్ చేశాడండీ అన్నాడు. హార్డ్ డిస్క్ ఖాళీ చేసి తనకే తిరిగిచ్చేశాడట. తనకి తెలియక, రాత్రే తణుకులో తీసిన పెళ్లి దాని మీద ఎక్కించేశాడట. సారీ అండీ, సారీ అండీ అంటూనే ఉన్నాడు. అతనెందుకు సారీ చెప్పాలి?

నాన్న ఆ గట్టు మీద ఇప్పుడు నా బుర్రలో తప్ప ఎక్కడా లేడు. నా బుర్ర సంగతి నాకు తెలుసు.

మార్చి 9, ఆదివారం

జాషువా భోజనానికి వచ్చాడు. ఎనిమిదోదాంట్లో ఏమవుతుందిరా అని అడిగాను.

మర్చిపోయానక్కా అన్నాడు.