రెజ్యూమేలో మీ పేరు

బావగారికి,

మీ ప్రింటింగ్ ప్రెస్సులోంచి నన్ను పంపేస్తూ "నువ్విక్కడ ఊరికే తిరిగేవాడివి" అన్నారుగా. ఈ యాభయ్యేళ్ల వయసులో మా అమ్మాయి నాతో మొదటి రెజ్యూమే రాయించింది.

"ఏం చేసేవాడివి నాన్నా?" అంది. "అన్నీ చూసుకునేవాణ్ణి" అన్నాను. కొట్టేసింది. "చూసుకోవడం కాదు, చేసింది చెప్పు."

మెషిన్ల రిపేరు, రంగులు కలపడం, కొత్తవాళ్లకి పని నేర్పడం... అంతా ఒక్క పేజీలో కుదించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మానేసిన కారణం రాయబోతే, "అది ఇంటర్వ్యూలో అడిగితే చెప్పు" అంది.

చివర్లో, నా పని తెలిసిన పెద్దమనిషి పేరు, ఫోన్ నంబరు కావాలంది. మీవే ఇచ్చాను. ముందుగా చెప్పడం పద్ధతట, అందుకే ఈ ఉత్తరం.

రెజ్యూమే మీ ఎదురు ప్రెస్సులోనే ఇచ్చాను. ఆ ఓనరు మీకు ఫోన్ చేస్తాడు. నేను ఊరికే తిరిగానని మీరంటే, మరి మీ మెషిన్లు ఇప్పుడెందుకు ఆగాయని అడుగుతాడు. అన్నీ నేనే చేశానని మీరంటే, ఉద్యోగం నాకు, మీ కస్టమర్లు ఆయనకి.

ఫోన్ మాత్రం ఎత్తండి.

మీ బావమరిది