జూన్ ఒకటిన పుట్టిన పెళ్లికొడుకు

బుధవారం, ఆత్మకూరు

అక్క కూతురు సునీత ఉదయగిరి నుంచి ఫోన్ చేసి, మర్రిపాడు సంబంధం వద్దంది.

"ఆయనది మిథునం, గాలి రాశి. నాది వృశ్చికం, నీటి రాశి. పొసగదని యాప్‌లో ఉండాది మామా."

జాతకాలు రాయించని మా ఇళ్లలో అందరికీ ఇదే సులువు. పుట్టిన తేదీ ఒక్కటుంటే ఇంగ్లీషు లెక్కలో సూర్యుడి రాశి తెలిసిపోతుంది, అందులో తమ గురించే రాసినట్టు ఉంటుంది.

మా వీధి జ్యోతిష్కుడిని అడిగితే నవ్వారు. "సూర్యుడు ఒక్కో రాశిలో నెల ఉంటాడు. ఆ నెలలో పుట్టినోళ్లంతా ఒకటేనా? చంద్రుడు, లగ్నం, శుక్రుడు, కుజుడు చూడకుండా ఏంది పొంతన?"

ఆయన లెక్కనూ నేను నమ్మను. అబ్బాయి బయోడేటాలో ఉన్న జూన్ ఒకటి తేదీ మీద మాత్రం అనుమానం వచ్చి అతని తల్లికి ఫోన్ చేశాను.

"జూన్ ఒకటి బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వయసు కోసం రాసిందయ్యా. వాడు పుట్టింది చలికాలంలో."

అంటే మిథునమే కాదు. సునీతకు చెప్పాను. "అట్నా" అంది, అంతే. ఆశ్చర్యపోలేదు.

ఆమె ఉద్యోగం బడి ఆఫీసులో. పాత రిజిస్టర్ల నిండా జూన్ ఒకటిన పుట్టినవాళ్లే. వాళ్లకు సర్టిఫికెట్లు రాసిచ్చేది ఆమే. అబ్బాయి తేదీ చూడగానే తెలిసి ఉండాలి.

మరి దేనికి వద్దంటోంది? రేపు ఉదయగిరి వెళ్లి, అక్క పక్కన లేనప్పుడు అడగాలి.