హాల్ట్ అంటే ఆగడం కాదు, చిన్నాన్నగారూ

బోయిగూడ,
1987 ఆగస్టు 9

ఆరు నెలల్లో జర్మన్ భాషను జయించిన జీవరాజు చిన్నాన్నగారికి వందనాలు.

అమ్మకు పక్షవాతం వచ్చింది కనుక పెళ్లికి ఒక ఏడాది ఓపిక పట్టమని జర్మనీలో ఉన్న డీటర్‌కి రాశాను కదా. అతను జవాబంతా ఇంగ్లిష్‌లో రాసి, చివరి వాక్యం మాత్రం సొంత భాషలో రాశాడు: "ఇష్ వార్టె హాల్ట్." మీరు నిఘంటువు తిరగేసి, "హాల్ట్ అంటే ఆగు. ఎదురుచూడటం ఆపేశాడు. మరిచిపో తల్లీ" అన్నారు. మీ పాండిత్యం మీద గౌరవంతో మూడు నెలలు ఏడ్చాను. అతనికి ఒక్క ఉత్తరమూ రాయలేదు.

మొన్న అతని దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే వాక్యం: "డు కొమ్‌స్ట్ డోఖ్?" ఈసారి మిమ్మల్ని శ్రమ పెట్టకుండా, చిలకలగూడలో జర్మన్ నేర్పే జ్ఞానమణి టీచర్‌కి రెండు ఉత్తరాలూ చూపించాను.

"గిక్కడ హాల్ట్ అంటే ఆగుడు కాదు బిడ్డా. మనం 'చూస్తాలే' అంటం చూడు, గా 'లే' లెక్క. ఏం చేస్త, ఎదురుచూస్తాలే అన్నడు. హాల్ట్ బదులు 'ఎబెన్' అని రాసుంటే జెర కరుకుగుండేది, అంతే, ఇగ మాటల్లేవ్ అన్నట్టు. డోఖ్ లేకుంటే 'వస్తవా' అని ఒట్టి ప్రశ్న. డోఖ్ తోటి 'వస్తవు గదా' అయితది. రావేమో అన్న భయం సుత అండ్లనే ఉన్నది."

అమ్మను వదిలి రాలేను, నువ్వే రా అని అక్కడి నుంచే టెలిగ్రాం ఇచ్చాను. వెంటనే జవాబు వచ్చింది. అతనే ఇక్కడికి వస్తున్నాడు. డిసెంబరులో మన చర్చిలోనే పెళ్లి.

మీరు వస్తారు కదా? ఈ 'కదా'లో ఆశ ఎంతో, భయం ఎంతో మీ నిఘంటువులో చూసుకోండి.

మీ అన్న కూతురు