కిటికీ పక్క సీటు

హోసూరు, 1998 డిసెంబరు, ఆదివారం రాత్రి

బస్సు డ్రైవరుగా రిటైరైనప్పటి నుంచి నాయన ఊరికే కూర్చునే ఉంటున్నాడు. అది చూస్తే నాకు భయం. ఏదైనా కొనిస్తానంటే, "నాకేమీ వద్దమ్మా, ఉండేదే చాలు," అంటాడు.

పొద్దున అంగడిలో వాచీలు చూశాను. డిపోవాళ్లు సన్మానంలో ఇచ్చిందే ఇంకా డబ్బాలో ఉంది. స్వెటరు తీసుకోబోయి, పోయినేడు నేనిచ్చింది నాయన నా తమ్ముడికి తొడిగేసిన సంగతి గుర్తొచ్చి పెట్టేశాను. వట్టి చేతులతో బయటికొస్తే ఎదురుగా కృష్ణగిరి బస్సు. ఇన్నేళ్లు ఆ దారిలో నడిపిన మనిషి ఎప్పుడైనా పక్కకు చూసుంటాడా?

మధ్యాహ్నం ఆయన్ని బస్సెక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

"యాడికమ్మా?"

"ఊరికే, నాయనా. ఇదే నీకు నేనిచ్చేది."

మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకు తొక్కింది. సూళగిరి దగ్గర కొండ మీద మబ్బునీడలు మెల్లగా జారుతున్నాయి. ఆ కాలు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"ఈ కొండ ఇంత బాగుంటుందని నాకు తెలీనే తెలీదమ్మా," అన్నాడు, కలలో మాట్లాడినట్టు.

కృష్ణగిరిలో టీ తాగాము. తిరుగు బస్సు రాగానే నాకంటే ముందెక్కి, కిటికీ పక్కన తానే కూర్చున్నాడు.