వెయ్యికి ఎన్ని దిర్హాములు

20 మే 1988, శుక్రవారం, షార్జా

సాయంత్రం ఎక్స్ఛేంజి దగ్గరకు వెళ్ళాం. శుక్రవారం మా వాళ్ళందరికీ అదే సినిమా, అదే షికారు. బోర్డు మీద సుద్దతో రాసి ఉంది: వెయ్యి రూపాయలకు 275 దిర్హాములు. కిందటి నెల 278. ఆ అంకె ఎంత తగ్గితే మాకు అంత లాభం. మన రూపాయి పడిపోతుంటే మేం పళ్ళికిలిస్తాం.

చేతిలో 8400 దిర్హాములు ఉన్నాయి. ఇవ్వాళ పంపితే ముప్పై వేల అయిదొందలు వస్తాయి. షెడ్డు అమ్ముతున్న గోపాలకృష్ణయ్య గారికి ఇవ్వాల్సిన బాకీ సరిగ్గా ముప్పై వేలు. స్టాంపులకు, రిజిస్ట్రేషన్‌కు ఇంకో మూడు వేలకు పైగా కావాలి. అది బావమరిదిని అడగాలి. వాణ్ణి అడగటం నాకు చావుతో సమానం.

అగ్రిమెంటు జూలై 30 దాకా ఉంది. తొందరేమీ లేదు.

27 మే

నాతో పనిచేసే దేవదాసన్న తన జీతం పంపేశాడు. ప్రతి నెలా ఇంతే. జీతం కవరు చింపకముందే వాళ్ళ ఊరు ముప్పాళ్ళకు డ్రాఫ్టు కట్టిస్తాడు. బోర్డు వైపు తలెత్తి చూడడు. కాసేపు ఆగితే రేటు మారుతుందేమో అన్నాను. ఒరేయ్ జహంగీరూ, రేటునేమన్నా వండుకు తింటామా ఏంది, ఇంటికి పోయేది ఇంటికి పోవాల అన్నాడు.

పదేళ్ళుగా లారీ బాడీలకు వెల్డింగ్ చేస్తూ ఇక్కడే ఉన్నాడు. లెక్క తెలియకే ఇంకా ఉన్నాడని నా అభిప్రాయం.

3 జూన్

272.

10 జూన్

మా ఆవిడ రషీదా దగ్గర్నుంచి ఉత్తరం. వినుకొండ రోడ్డులో ఆ రేకుల షెడ్డు ముందు నుంచే రోజూ బీడీ కంపెనీకి వెళుతోందట. లారీలు ఆగేది సరిగ్గా దాని ముందేనట, నేనక్కడ వెల్డింగ్ పెడితే పని వెతుక్కుంటూ వస్తుందట. చిన్నది సాజిదా ఆ షెడ్డు చూపించి, మా నాయన దీంట్లో ఉంటాడని అందరికీ చెబుతోందట. నేను చూసినప్పుడు దానికి పళ్ళు రాలేదు.

ముప్పై అయిదు వేల షెడ్డు. అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చాం. గడువులోపు మిగతాది కట్టకపోతే అడ్వాన్సు పోతుందని కాగితంలో రాసి ఉంది. ఆ కాగితం పోస్టులో తెప్పించుకుని నేనే చదివి రషీదాను సంతకం పెట్టమన్నాను. సెప్టెంబరులో కాంట్రాక్టు అయిపోతుంది. ఆ షెడ్డు మనదైతే మళ్ళీ ఈ దేశం మొహం చూడను.

చివర్లో రాసింది: డబ్బు ఎప్పుడు పంపుతున్నారు? గోపాలకృష్ణయ్య గారు రెండుసార్లు కబురు పెట్టారు.

17 జూన్

267. రెండు వారాల్లో ఇంత ఎప్పుడూ పడలేదు. వంద కాగితం దొరికినట్టుంది. ఈ నెల జీతం ఇంకా ఇవ్వలేదు, మా ఓనరు అర్బాబ్ రెండు నెలలది ఒక్కసారే ఇస్తాడట. ఇవ్వకపోతే ఇవ్వకపోయాడు. నా పెట్టెలో ఉన్న డబ్బు నేను నిద్రపోతుంటే పెరుగుతోంది. వాడికి పని చేసి సంపాదించేదానికన్నా ఇదే నయం.

రషీదాకు రాశాను, కంగారు పడవద్దని.

24 జూన్

268. ఒకటి పెరిగింది. దేవదాసన్న నావైపు చూశాడు.

1 జూలై

264. ఈ వారం పంపేస్తాను.

8 జూలై, రాత్రి

పంపేశాను. ఇదీ జరిగింది.

బోర్డు మీద 262. లైను వీధి మలుపు దాకా ఉంది. ఎప్పుడూ గుంటూరు బ్రాంచి మీద డ్రాఫ్టు తీసుకుంటాను. మా ఊరు నరసరావుపేటలో బ్యాంకు వాళ్ళు దాన్ని గుంటూరుకు పంపి అయిదారు రోజుల్లో ఖాతాలో వేస్తారు. ఇవ్వాళ కౌంటరులోని మలయాళీ, గుంటూరు డ్రాఫ్టులు అయిపోయాయి, సోమవారం రా అన్నాడు. హైదరాబాదుది కావాలంటే ఇప్పుడే రాసిస్తానన్నాడు.

సోమవారం రేటు ఎంత ఉంటుందో చెప్పగలవా అని అడిగాను. అది దేవుణ్ణి అడుగు అన్నాడు.

దేవదాసన్న చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. టెలిగ్రాముతో పంపే పద్ధతి ఉంది గదరా, మూడు నాలుగు రోజుల్లో ఆమె ఖాతాలో పడతది, గడువు చూస్తే మూడు వారాలే ఉంది అన్నాడు. అడిగాను. టెలిగ్రాముకైతే 264 చొప్పున లెక్కట, పైన అరవై ఛార్జీ. మొత్తం నూట ఇరవై పైచిలుకు దిర్హాములు. నాలుగు రోజుల కూలి. డబ్బు పంపడానికి డబ్బు ఎందుకు తగలెయ్యాలి?

హైదరాబాదు డ్రాఫ్టే తీసుకున్నాను. ముప్పై రెండు వేలు. కమిషన్‌తో 8394 అయింది. ఇంకా ఆరు దిర్హాములు మిగిలాయి. రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు దేవదాసన్న దగ్గర తీసుకున్నాను.

మే నెలలో పంపి ఉంటే పదిహేను వందలు తక్కువ వచ్చేవి. స్టాంపులకు ఇంకా వెయ్యి పైన కావాలి, కానీ వెయ్యికి రషీదా ముక్కుపుడక చాలు. బావమరిది గుమ్మం ఎక్కక్కర్లేదు. దేవదాసన్నకు ఈ లెక్క చెప్పాను. మంచిదేరా అన్నాడు. నాకు మాత్రం మంచిగా అనిపించలేదు ఆయన అన్న తీరు.

15 జూలై

259. చూడకుండా ఉండాల్సింది.

24 జూలై

బక్రీదు. నమాజుకు వెళ్ళొచ్చాను. బిర్యానీ వండారు. డ్రాఫ్టు ఈపాటికి చేరి ఉంటుంది.

29 జూలై, మధ్యాహ్నం

ఆగలేక ఫోను చేశాను. మా వీధి మందుల షాపుకు. షాపాయన మజీద్ భాయ్ పరిగెత్తి రషీదాను పిలుచుకొచ్చేసరికి సగం డబ్బు అయిపోయింది.

డ్రాఫ్టు శనివారం వచ్చిందట. అప్పుడే బ్యాంకులో వేసిందట. హైదరాబాదుది కాబట్టి కలెక్షన్‌కు పంపాలి, మూడు వారాలు పడుతుందని చెప్పారట. సోమవారం అక్కడ పండగ సెలవు. మేనేజరు దగ్గర కూర్చుని ఏడ్చిందట. డబ్బు రాకముందే ఇవ్వడానికి నా ఇంటి సొమ్మా అమ్మా అన్నాడట.

గోపాలకృష్ణయ్య గారి ఇంటికి కూడా వెళ్ళిందట. గాజులు తీసి బల్ల మీద పెట్టి, మూడు వారాలు ఆగండి బాబుగారూ అన్నదట. ఆయన గాజులు చేతికిచ్చి, కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించి, గడువు గడువేనమ్మా అన్నారట. టైర్ల కొట్టాయన నలభై ఎనిమిది వేలకు అడిగాడట. సిమెంటు, ఇనుము అన్నీ ఎగబాకుతున్నాయి, ఇప్పుడు స్థలం వదులుకునే వాడెవడు అన్నారట.

బావమరిదిని అడగలేకపోయావా అన్నాను. అడిగిందట. రేపటికి రేపు ముప్పై వేలు ఎవరి దగ్గరుంటాయి అన్నాడట. మే నెలలో అడిగితే మూడు వేలు ఇచ్చేవాణ్ణి గదా అన్నాడట.

చివరికి ఒకటే మాట అడిగింది. మీరు దేనికోసం ఆగారండీ అని. రేటు కోసమని చెప్పాను. రేటంటే ఏందని అడిగింది. లైను కట్ అయింది.

30 జూలై

పనికి వెళ్ళాను.

31 జూలై

అందరి మీదా కోపంగా ఉంది. మలయాళీ మీద, గోపాలకృష్ణయ్య మీద, టైర్ల కొట్టువాడి మీద. మంచినీళ్ళు ఇప్పించాడట ఆ గోపాలకృష్ణయ్య. దేవదాసన్న మీద అందరికన్నా ఎక్కువ. నా చెయ్యి ఇంకా గట్టిగా లాగి ఉండాల్సింది.

16 ఆగస్టు

డబ్బు ఖాతాలో పడిందని టెలిగ్రాము. ముప్పై రెండు వేలూ పడ్డాయి. ఒక్క పైసా తగ్గలేదు.

26 ఆగస్టు

రషీదా ఉత్తరం. షెడ్డు ముందు టైర్లు పేర్చారట. ఇప్పుడు తను వేరే దారిన బీడీ కంపెనీకి వెళుతోంది. సాజిదా మాత్రం ఆ దారినే పోదామని ఏడుస్తోందట. ఆ ముప్పై రెండు వేలు ఏం చేయమంటారని రాసింది. నాకు తెలియదు. దాంతో ఇప్పుడు ఆ రోడ్డులో ఏదీ రాదు.

3 సెప్టెంబరు

అర్బాబ్ ఆఫీసులో సంతకం పెట్టాను. ఇంకో రెండేళ్ళు. దేవదాసన్న టీ ఇప్పించాడు.

9 సెప్టెంబరు, శుక్రవారం

255. ఇవ్వాళ పంపి ఉంటే ఇంకో ఎనిమిది వందల డెబ్బై ఎనిమిది వచ్చేవి.